ఒక స్టాపు వదిలి ఒక స్టాపు తీసేస్తే నిజంగా ఎంత సమయం మిగులుతుంది?

కిటికీసీటు

నేను రోజూ ఎక్కే రూట్ పొడవు 12 కిలోమీటర్లు. మొదటిదీ చివరిదీ కలిపి 49 స్టాపులున్నాయి, అంటే సుమారు 250 మీటర్లకొకటి. ఇప్పుడు ఒకటి వదిలి ఒకటి తీసేసి 25 చేస్తామంటున్నారు. స్టాపుకి 20 సెకన్లు పోతోంది, 24 స్టాపులు తీస్తే ఒక్కో ట్రిప్పులో 8 నిమిషాలు మిగులుతాయని కాగితంలో రాశారు. వచ్చే వారం ప్రయాణికుల మీటింగ్ ఉంది. బస్సు వేగంగా వెళ్లాలని నాకూ ఉంది. కానీ ఈ 8 నిమిషాలు నిజమేనా? స్టాపు దాకా పెరిగే నడకతో దాన్ని ఎలా పోల్చాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతటికెట్

నాకైతే 8 కూడా తక్కువే అనిపిస్తోంది. రద్దీ వేళల్లో ఒక్కో స్టాపులో నిమిషం పైనే ఆగుతుంది, నేను స్వయంగా వాచీ పెట్టి చూశాను. స్టాపులు సగమైతే ఆగే సమయం కూడా సగమవుతుంది కదా. 24 స్టాపులకు నిమిషం చొప్పున వేసుకున్నా 24 నిమిషాలు. ఆ మాత్రం దానికి నాలుగడుగులు ఎక్కువ నడవడం పెద్ద కష్టమేం కాదు.

షెడ్యూలు_మాస్టర్

పాతటికెట్ గారూ, మీరు చూసిన నిమిషం నిజమే. కానీ అందులో రెండు రకాల సమయాలు కలిసిపోయాయి. ఇరవై ఏళ్లుగా టైమ్ టేబుళ్లు వేస్తున్నాను, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఒకటి మనుషులు ఎక్కే, దిగే సమయం. టికెట్ డబ్బులు డ్రైవర్ దగ్గరే ఇవ్వాల్సి వస్తే ఒక్కొక్కరికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. స్టాపు తీసేసినంత మాత్రాన ఆ మనుషులు మాయమైపోరు. పక్క స్టాపుకి నడిచి వెళ్లి అక్కడ ఎక్కుతారు, ఆ సెకన్లు కూడా వాళ్లతోపాటే అక్కడికి వెళ్తాయి. కాబట్టి అందులో మిగిలేది ఏమీ లేదు.

రెండోది, ఒక్క మనిషి ఎక్కినా పదిమంది ఎక్కినా మారని నష్టం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బస్సు ఆగడానికీ, మళ్లీ ఆ వేగం అందుకోవడానికీ కలిపి 11 సెకన్ల దాకా పోతుంది. నిలబడి ఉన్నవాళ్లు పడిపోకుండా మెల్లగా బ్రేకు వేయాలి కదా. తలుపులు తెరిచి మూయడానికి నాలుగైదు సెకన్లు. తర్వాత మళ్లీ వాహనాల వరుసలోకి దూరడానికి ఇంకొన్ని. స్టాపు తీస్తే మిగిలేది ఈ రెండో రకం మాత్రమే. కాబట్టి 20 సెకన్లనే అంకె సరైనదే. దాన్ని 24తో గుణించడమే తప్పు.

స్టీరింగ్

బస్సు నడిపే మనిషిగా ఒక మాట. వరుసలోకి దూరడానికి పట్టే సమయం అన్ని స్టాపుల్లో ఒకేలా ఉండదు. స్టాపు కోసం రోడ్డు పక్కకి లోపలికి తవ్విన జాగా ఉంటే, బయటికి రావడానికి ఒక్కోసారి 15 సెకన్లు ఇండికేటర్ వేసుకుని కూర్చోవాలి. అదే వరుసలోనే ఆపే స్టాపైతే తలుపు మూయగానే కదలొచ్చు. స్టాపు తీయకుండా, ఆ లోపలి జాగాని పూడ్చి ఫుట్‌పాత్‌ని ముందుకు తెచ్చినా ఆ సెకన్లు మిగులుతాయి.

ఇంకొకటి. ట్రాఫిక్ ఎక్కువగా ఉండి బస్సు 20 దాటని చోట, ఆగి బయల్దేరడంలో పోయేది ఐదారు సెకన్లే. వేగమే లేనప్పుడు పోయేదేముంటుంది?

గ్రాఫ్_పేపర్

24తో ఎందుకు గుణించకూడదో నేను చెప్తాను. బోర్డు మీద 49 స్టాపులున్నంత మాత్రాన బస్సు 49 చోట్లా ఆగదు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎవరూ లేకపోతే ఆగకుండా వెళ్లిపోతుంది. ఆగని స్టాపుని తీసేస్తే మిగిలేది సున్నా.

ఉదయం ఒక ట్రిప్పులో 60 మంది ప్రయాణించారనుకోండి. ఎక్కడం 60, దిగడం 60, మొత్తం 120. అవి 49 స్టాపుల్లో ఎలా పడితే అలా పంచబడితే, ఏ నాలుగైదు స్టాపుల్లోనో ఎవరూ ఉండరు. బస్సు దాదాపు 45 చోట్ల ఆగుతుంది. స్టాపులు 25 అయితే దాదాపు అన్నిట్లోనూ ఆగుతుంది. తగ్గేది 20 ఆగడాలు, అంటే 400 సెకన్లు, ఆరు నిమిషాల 40 సెకన్లు. 8కి కొంచెం తక్కువ, అంతే.

ఇప్పుడు మధ్యాహ్నం చూద్దాం. ట్రిప్పులో 15 మంది, ఎక్కడం దిగడం కలిపి 30. 49 స్టాపులున్నా బస్సు 22 చోట్లే ఆగుతుంది. 25 స్టాపులు చేస్తే, వాటిలోనూ కొన్ని ఖాళీగా పోయి 17, 18 చోట్ల ఆగుతుంది. తగ్గేది ఐదు ఆగడాలు, ఒక నిమిషం 40 సెకన్లు. నడక మాత్రం ఉదయం ఎంత పెరిగిందో మధ్యాహ్నమూ అంతే పెరుగుతుంది. కాగితంలో రాసిన 8 నిమిషాలు రోజంతటికీ వర్తిస్తాయనుకుంటే మాత్రం పెద్ద పొరపాటు.

మెల్లగా_నడిచే

మా అమ్మ గురించి చెప్పాలి. ఆవిడకి 74 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. మా దగ్గర రెండేళ్ల క్రితం ఇలాగే స్టాపులు తగ్గించారు. అప్పుడు కూడా సగటు నడక అరవై మీటర్లే పెరుగుతుందని చెప్పారు. మా ఇల్లు తీసేసిన స్టాపుకి ఎదురుగానే. ఆవిడకి సున్నా నుంచి 250 మీటర్లయింది. మధ్యలో కూర్చోవడానికి చోటు లేదు. ఆర్నెల్లలో బస్సు మానేసింది, ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నా నేనే తీసుకెళ్లాలి. లెక్కల్లో ఆవిడని ఎక్కడ రాశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గ్రాఫ్_పేపర్

మీ అమ్మగారి విషయం ఆ సగటులోనే దాగి ఉంది. విడదీసి చూపిస్తాను.

250 మీటర్లకొక స్టాపున్నప్పుడు రోడ్డు వెంబడి సగటు నడక ఆ 250లో నాలుగో వంతు, సుమారు 62 మీటర్లు. 500 అయితే 125. తేడా 62. కానీ ఈ తేడా అందరికీ సమానంగా పడదు. ఉండిపోయిన స్టాపుల దగ్గరివాళ్లకి, అంటే సగంమందికి, ఒక్క మీటరు కూడా పెరగదు. మిగతా సగానికి సగటున 125 మీటర్లు పెరుగుతుంది. సరిగ్గా తీసేసిన స్టాపు దగ్గరే ఉన్నవాళ్లకి 250. మామూలుగా నడిచేవాళ్లు నిమిషానికి 75 మీటర్లు నడుస్తారు. సెకనుకి 80 సెంటీమీటర్లు నడిచే పెద్దావిడకి 250 మీటర్లంటే ఐదు నిమిషాల పైన. ఆవిడ బస్సులో ఉండే కాసేపట్లో మిగిలేదాని కంటే అది ఎక్కువే.

పరుగుబండి

ఇంత గొడవ ఎందుకు? ఎక్స్‌ప్రెస్ బస్సులు వేస్తే సరిపోతుంది కదా. తొందరున్నవాళ్లు అందులో వెళ్తారు, దగ్గర స్టాపు కావాలనేవాళ్లు మామూలు బస్సెక్కుతారు.

షెడ్యూలు_మాస్టర్

పరుగుబండి గారూ, బస్సులు అదనంగా ఇస్తే మంచిదే. ఉన్న పది బస్సుల్నే పంచాలంటే ఐదు అటు, ఐదు ఇటు. ఇప్పుడు పది నిమిషాలకొకటి వస్తున్న చోట, చిన్న స్టాపుల్లోవాళ్లకి ఇరవై నిమిషాలకొకటి వస్తుంది. నడక మిగిలిందని సంతోషించేలోపే నిలబడటం రెట్టింపవుతుంది. చాలా రద్దీ ఉండి నాలుగైదు నిమిషాలకొక బస్సున్న రూట్లలోనే అది పనికొస్తుంది.

అసలు ప్రశ్నకి వస్తాను. మనం ఇంకా లెక్కలోకి తీసుకోని లాభం ఒకటుంది. కిటికీసీటు గారి రూట్‌లో ఒక వైపు 45 నిమిషాలు, చివర్లో 5 నిమిషాల విరామం అనుకుందాం. వెళ్లి రావడానికి 100 నిమిషాలు, పది బస్సులతో పది నిమిషాలకొకటి. ఉదయం ఒక్కో వైపు 400 సెకన్లు మిగిలితే వెళ్లిరావడం 87 నిమిషాల లోపే అయిపోతుంది. అవే పది బస్సులు 8 నిమిషాల 40 సెకన్లకొకటి వస్తాయి. సగటు ఎదురుచూపు 40 సెకన్లు తగ్గుతుంది. ఇది తీసేసిన స్టాపువాళ్లకి కూడా అందే లాభం.

ఒక ప్రయాణికుడు సగటున 4 కిలోమీటర్లు, అంటే రూట్‌లో మూడో వంతు వెళ్తాడనుకోండి. ఆ 400 సెకన్లలో అతనికి దక్కేది 133. ఎదురుచూపులో 40. మొత్తం 173 సెకన్ల లాభం. నడకలో ఎక్కే చోట 50, దిగే చోట 50, మొత్తం 100 సెకన్ల నష్టం. లాభమే కనిపిస్తోంది. కానీ ఎండలో నడిచే నిమిషం, రోడ్డు పక్కన నిలబడే నిమిషం, సీట్లో కూర్చున్న నిమిషంతో సమానం కావు. మేము మామూలుగా వాటిని రెట్టింపుగా లెక్కేస్తాం. అలా వేస్తే లాభం 213, నష్టం 200. దాదాపు సరిసమానం!

మధ్యాహ్నానికి ఇదే లెక్క వేస్తే ప్రయాణంలో 33, ఎదురుచూపులో 10 సెకన్లు లాభం. నడకలో 100 నష్టం. రెట్టింపు చేయకపోయినా నష్టమే.

పాతటికెట్

ఎక్కేవాళ్ల సమయం పక్క స్టాపుకి వెళ్లిపోతుందన్న మాట ఒప్పుకుంటున్నాను, నేను అది ఆలోచించలేదు. కానీ ఈ రెట్టింపు ఎక్కడి నుంచి వచ్చింది? నాకు నడవడం ఇష్టం. సీట్లో ఇరుక్కుని కూర్చోవడం కంటే పది నిమిషాలు నడవడమే హాయి. ఆ రెండుని ఒకటిన్నర చేస్తే జవాబే మారిపోతుంది కదా.

షెడ్యూలు_మాస్టర్

మారుతుంది, మీ అనుమానం న్యాయమైనదే. జనం నిజంగా ఎంచుకునే దారుల్ని చూసి వేసే అంచనా అది. మనిషిని బట్టి, రోజుని బట్టి, ఫుట్‌పాత్‌ని బట్టి మారుతుంది. మీలాంటివాళ్లకి ఒకటి, మెల్లగా_నడిచే గారి అమ్మగారికి నాలుగో ఐదో. ఒకే అంకెతో అందరినీ కొలవడం నాకూ నచ్చదు. కానీ ఏ అంకే వేయకపోతే నడకకి విలువే లేదన్నట్టు అవుతుంది, అది ఇంకా అన్యాయం.

అందుకే ఒక సగటు దూరం కోసం కొట్లాడటం కంటే స్టాపు స్టాపుకీ విడిగా చూడమంటాను. ఇదే దారిని 33 స్టాపులతో, 375 మీటర్లకొకటి చొప్పున సర్దితే, ఉదయం నాలుగు నిమిషాల పైనే మిగులుతుంది. రెట్టింపు లెక్కలో లాభం 135, నష్టం 100. 25 స్టాపుల కంటే ఇదే మెరుగు. చూశారా, మొదటి పదహారు స్టాపులు తీస్తే వచ్చే లాభం ఎక్కువ, తర్వాతి ఎనిమిదీ తీస్తే నడక దాన్ని తినేస్తుంది.

కిటికీసీటు

స్టాపు స్టాపుకీ విడిగా అంటే ఎలా? మీటింగ్‌లో నేను ఏ స్టాపు గురించి మాట్లాడాలో ఎలా తేల్చుకోవాలి?

షెడ్యూలు_మాస్టర్

రెండు అంకెలు కావాలి. ఆ స్టాపులో ఎక్కి దిగేవాళ్లు ఎంతమంది? ఆ స్టాపుతో పనిలేకుండా బస్సులో కూర్చుని దాటిపోయేవాళ్లు ఎంతమంది?

రూట్ నడిమధ్యలో ఒక స్టాపు తీసుకోండి. బస్సులో 42 మంది ఉన్నారు, అక్కడ ముగ్గురు ఎక్కారు. బస్సు ఆగినందుకు 42 మందీ తలా 20 సెకన్లు పోగొట్టుకున్నారు. మొత్తం 14 నిమిషాలు. స్టాపు తీసేస్తే ఆ ముగ్గురూ తలా 150 మీటర్లు, రెండు నిమిషాలు ఎక్కువ నడుస్తారు. రెట్టింపు చేస్తే 12 నిమిషాలు. తీసేయొచ్చు, కానీ అంచు మీదుంది.

అదే ముగ్గురు ఎక్కే స్టాపు రూట్ చివర్లో ఉండి, బస్సులో ఆరుగురే ఉన్నారనుకోండి. ఆగడం వల్ల పోయేది రెండు నిమిషాలు. తీసేస్తే నడకలో పోయేది అదే 12. అక్కడ స్టాపు తీయడం ఎవరికీ మేలు చేయదు.

అందుకే బస్సు నిండుగా ఉండే మధ్య భాగంలో స్టాపులు దూరంగా, ఖాళీగా ఉండే కొసల్లో దగ్గరగా ఉండాలి. ఒకటి వదిలి ఒకటి అన్న పద్ధతి రూట్ అంతా ఒకేలా కోస్తుంది. కాగితం మీద చేయడం సులువు కాబట్టే అలా చేస్తారు.

స్టీరింగ్

ఇంకో సంగతి కూడా అడగండి. స్టాపులు తీశాక టైమ్ టేబుల్ మారుస్తారా లేదా? నేను పనిచేసిన ఒక రూట్‌లో ఏడు స్టాపులు తీశారు, టైమ్ టేబుల్ మాత్రం ముట్టుకోలేదు. ముందుగా వచ్చేస్తే రాసిన టైము దాకా మధ్య స్టాండులో ఆగాలని రూలు. తలుపులు తెరుచుకుని మూడు నిమిషాలు ఉత్తినే నిలబడేవాళ్లం. నడిచి వచ్చినవాళ్లు ఎక్కి కూర్చుని ‘ఎందుకు కదలట్లేదు’ అని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. అయితే మిగిలిన సమయం మొత్తం కోసేయకూడదు కూడా. చివర్లో విరామం పోతే, ఒక ట్రిప్పు ఆలస్యం తర్వాతి ట్రిప్పు మీద పడుతుంది.

గ్రాఫ్_పేపర్

20 సెకన్లని కూడా అడిగి తీసుకోండి, నమ్మి కాదు. బస్సుల్లో జీపీఎస్ ఉంటుంది. ఒకే స్టాపు ముందు 150 మీటర్లు, వెనక 150 మీటర్లు తీసుకుని, ఆగకుండా పోయిన ట్రిప్పులకి ఎంత పట్టింది, ఆగిన ట్రిప్పులకి ఎంత పట్టింది చూడాలి. తేడాలోంచి తలుపులు తెరిచి ఉన్న సమయం తీసేస్తే దాదాపు ఆ స్టాపు నష్టం వస్తుంది. సిగ్నల్‌కి ముందే ఉన్న స్టాపులైతే జాగ్రత్త. ఎర్ర లైటు ఉన్నప్పుడే తలుపు తెరిస్తే, స్టాపు తీసినా బస్సు అక్కడే నిలబడుతుంది. మిగిలేది ఏమీ ఉండదు.

మెల్లగా_నడిచే

రోడ్డు దాటడం గురించి ఎవరూ అనలేదు. మా దగ్గర తీసేసిన స్టాపు ఎదురుగా సిగ్నల్ ఉన్న క్రాసింగ్ ఉండేది. ఉంచిన స్టాపు దగ్గర లేదు. అమ్మకి దూరం కంటే అదే పెద్ద టెన్షన్. రెండిట్లో ఏది ఉంచాలో ఎంచుకునేటప్పుడు మీటర్లు కొలిచారు గానీ దాటే చోటు చూడలేదు.

కిటికీసీటు

అందరికీ కృతజ్ఞతలు. నిన్నా ఇవాళా మొదటి స్టాపు నుంచి చివరిదాకా కూర్చుని లెక్కపెట్టాను. ఉదయం 49లో 43 చోట్ల ఆగింది. మధ్యాహ్నం 24 చోట్ల. గ్రాఫ్_పేపర్ గారి అంచనాకి దగ్గరగానే ఉంది. 9వ స్టాపు నుంచి 31 దాకా ఉదయం నిలబడటానికి కూడా చోటు లేదు. 40 దాటాక పదిమంది కూడా లేరు, అయినా అక్కడా నాలుగు స్టాపులు తీస్తున్నారు. వాటిని ఉంచమని అడుగుతాను. టైమ్ టేబుల్ ఎప్పుడు మారుస్తారో రాతపూర్వకంగా ఇమ్మంటాను.

ఒక్కటి తేలట్లేదు. 17, 18 స్టాపుల మధ్య 180 మీటర్లే, రెండూ నిండు భాగంలోనే ఉన్నాయి. ఒకటి తీయాల్సిందే. 18లో ఎక్కేవాళ్లు రెట్టింపు. 17 దగ్గర సిగ్నల్ క్రాసింగ్, పక్కనే ఆసుపత్రి గేటు. 18ని తీస్తే ఎక్కువమంది నడవాలి, 17ని తీస్తే నడవలేనివాళ్లు నడవాలి.

షెడ్యూలు_మాస్టర్

రెండూ తీసి మధ్యలో ఒకటి పెట్టమని మాత్రం అడగకండి, క్రాసింగ్ ఇద్దరికీ దూరమైపోతుంది. నేనైతే 17ని ఉంచి, దాన్ని 18 వైపు ముప్ఫై నలభై మీటర్లు జరపగలరేమో అడుగుతాను. సిగ్నల్ దాటాక ఆగేలా పెడితే ఎర్ర లైటు వెనక ఆగి, మళ్లీ స్టాపులో ఆగే బాధ ఒక్కోసారి ఉంటుంది, కానీ దిగినవాళ్లు బస్సు వెనకనుంచి దాటుతారు, అది క్షేమం.

పాతటికెట్

నాకు 18నే ఉంచాలనిపిస్తోంది. రెట్టింపు జనం అంటే రోజూ రెట్టింపు కాళ్లు. ఆసుపత్రికి వెళ్లేవాళ్లలో చాలామంది ఆటోలోనే వస్తారు కదా?

మెల్లగా_నడిచే

స్టాపు దూరమయ్యాకే మేము ఆటో ఎక్కడం మొదలుపెట్టాం.

కిటికీసీటు

రేపు పొద్దున 17 దగ్గర ఒక గంట నిలబడి, దిగినవాళ్లలో ఎంతమంది ఆ గేటులోకి వెళ్తున్నారో లెక్కపెడతాను. మీటింగ్ అయ్యాక మళ్లీ రాస్తాను.